నడిచిందెవరు, నడిపించిందెవరు: వలసపై పార్లమెంటు ప్రసంగాల్లో ఖండికలు ఎంచుకుని ఫ్రేమింగ్‌ను విశ్లేషించే పద్ధతి

కుప్పం నుంచి వచ్చి తిరుపతిలో మా దగ్గర ఎం.ఏ. ప్రాజెక్టు చేసిన ఒక విద్యార్థిని మొదటి రోజే ముప్పై ఎనిమిది ఖండికలు రాసుకుని తెచ్చింది. 2020లో వలస కార్మికుల గురించి పార్లమెంటులో ఏం మాట్లాడారన్నది ఆమె అంశం. వాళ్ల అన్న బెంగళూరులో కట్టడం పనికి వెళ్లి, ఆ ఏడాది ఇంటికి తిరిగి వచ్చిన మనిషి. అందుకే ఆమె చాలా కష్టపడి, చాలా కోపంగా చదివింది. ఆ ముప్పై ఎనిమిదీ పదునైనవే. "వీటిని ఎలా ఎంచుకున్నావమ్మా?" అని అడిగితే, "చదువుతుంటే గుండెకు తగిలినవన్నీ రాసుకున్నాను సార్" అంది.

ఆ జవాబు నిజాయితీగా ఉంది. పరిశోధనకు మాత్రం అది పనికిరాదు. కోపం తెప్పించిన వాక్యాలనే ఏరుకుని, చివర్లో "ఈ ప్రసంగాలు కోపం తెప్పించేలా ఉన్నాయి" అని తేల్చితే, మనం మొదట్లో పెట్టిందే చివర్లో తీసుకున్నట్టు. ఆమెతో కలిసి ఆ పని మళ్లీ మొదటి నుంచి ఎలా చేశామో ఇక్కడ వివరిస్తాను. వలసపై ఏ చట్టసభ ప్రసంగాలకైనా ఈ దారి పనికొస్తుంది. ఉదాహరణ మాత్రం ఒక్కటే తీసుకుని చివరిదాకా వెళ్తాను.

ప్రశ్నను ఒక్క వాక్యానికి కుదించండి

"పార్లమెంటులో వలసను ఎలా చిత్రించారు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఏ ఖండికైనా సరిపోతుంది, కాబట్టి ఎంపికకు గీటురాయి ఉండదు. ఫ్రేమింగ్ గురించి, అంటే ఒక విషయాన్ని ఏ కోణంలో చూపిస్తారన్న దాని గురించి, కమ్యూనికేషన్ పరిశోధకుడు రాబర్ట్ ఎంట్‌మన్ 1993లో చెప్పిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక ఫ్రేమ్ నాలుగు పనులు చేస్తుంది: సమస్య ఏమిటో నిర్వచిస్తుంది, దానికి కారణం చెబుతుంది, తప్పొప్పులు తీరుస్తుంది, పరిష్కారం సూచిస్తుంది. ఎం.ఏ. స్థాయి పనిలో నాలుగింటినీ సమానంగా తవ్వాలనుకుంటే ఏదీ లోతుగా తేలదు. మేము రెండోదాన్ని పట్టుకున్నాం. "2020లో కార్మికులు నగరాలు వదిలి ఊళ్లకు వెళ్లడానికి కారణం ఎవరని, ఏమిటని సభలో చెప్పారు?" ఇదీ ప్రశ్న. ప్రశ్న ఇంత ఇరుకుగా ఉంటే, కారణం గురించి మాట్లాడని ఖండిక ఎంత కదిలించేదైనా పక్కకు పోతుంది. ఆమె ముప్పై ఎనిమిదిలో సగానికి పైగా ఆ ఒక్క జల్లెడతోనే రాలిపోయాయి.

మూలపాఠం ఎలాంటిదో ముందు తెలుసుకోండి

లోక్‌సభ, రాజ్యసభ చర్చలూ ప్రశ్నోత్తరాలూ `sansad.in`లో దొరుకుతాయి. ప్రసంగం పాఠాన్ని తీసుకునేముందు ఆ సమావేశాలు ఏ పరిస్థితుల్లో జరిగాయో చూడాలి. 2020 వర్షాకాల సమావేశాలు సెప్టెంబర్ 14న మొదలై 23నే ముగిశాయి. కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు. శూన్యకాలాన్ని అరగంటకు కుదించారు. లిఖిత ప్రశ్నలకు లిఖిత సమాధానాలు మాత్రం కొనసాగాయి. అంటే మంత్రి ఇచ్చిన జవాబును పట్టుకుని "అయితే ఈ సంగతేమిటి?" అని అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఆ పది రోజుల్లో లేదు. ఇది తెలియకపోతే, "మంత్రి వాదనను సభలో ఎవరూ ప్రశ్నించలేదు" అని పొరపాటున రాసేస్తాం. అక్కడి మౌనం సభ్యుల అంగీకారం కాదు, ఏర్పాటు వల్ల వచ్చింది.

లిఖిత సమాధానం, శూన్యకాల ప్రస్తావన, చర్చలో ప్రసంగం, ఈ మూడూ ఒక జాతివి కావు. మొదటిదాన్ని శాఖాధికారులు రాస్తారు, మంత్రి పేరుతో వెలువడుతుంది. రెండోది రెండు మూడు నిమిషాల మాట. మూడోదాంట్లో అవతలివాళ్ల కేకలకు జవాబులూ కలిసి ఉంటాయి. వీటిని ఒకే కుప్పలో పోసి లెక్కపెట్టకండి. పట్టికలో 'రకం' అని ఒక గడి పెట్టి, పోల్చేటప్పుడు ముందు ఒకే రకంలో పోల్చి, తర్వాతే రకాల మధ్య పోల్చండి.

నక్షత్రపు గుర్తులనూ వదలకండి. ముద్రిత చర్చల్లో ఒక పేరాకు నక్షత్రం ఉండి, కింద ఆ ప్రసంగం ఫలానా భాషలో చేసినదానికి అనువాదమని రాసి ఉండవచ్చు. మన ఎంపీ తెలుగులో మాట్లాడితే అక్కడ కనిపించే ఇంగ్లీషు ఆయన మాట కాదు, అనువాదకుడిది. దాని మీద పదస్థాయి విశ్లేషణ చేస్తే అనువాదకుడిని విశ్లేషించినట్టే. నక్షత్రం కొన్నిచోట్ల రికార్డు నుంచి తొలగించిన మాటకు గుర్తు, కొన్నిచోట్ల చదవకుండా సభకు సమర్పించిన ప్రసంగానికి గుర్తు. ఏది ఏదో కింది గమనికలో చూసి రాసుకోవాలి.

వెతకడానికి పదాలు, వాటిలోని ఉచ్చులు

మేము వాడిన పదాలు ఇవి:

```
migrant, labourer, stranded, exodus
प्रवासी, श्रमिक, मजदूर, पलायन
```

`मजदूर` నుక్తాతోనూ, నుక్తా లేకుండానూ కనిపిస్తుంది కాబట్టి రెండు రూపాల్లోనూ వెతకండి. ఈ పదాలేవీ లేకుండా "మన బిడ్డలు", "ఆ జనం" అంటూ సాగే ప్రసంగాలు వెతుకులాటకు చిక్కవు. అందుకని కోవిడ్‌పై జరిగిన చర్చలను పూర్తిగా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకసారి కళ్లతో చదవక తప్పదు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. హిందీలో పలాయన్ అంటే ఊరు విడిచి పెద్దఎత్తున వెళ్లడం అని రాజకీయ ప్రసంగాల్లో మామూలుగా వాడతారు. తెలుగులో పలాయనం అంటే పిరికితనంతో పారిపోవడం. హిందీ ప్రసంగంలో ఆ మాట చూడగానే మనకు నింద వినిపిస్తుంది, మాట్లాడినవాడి ఉద్దేశంలో అది ఉండకపోవచ్చు. ప్రవాసీ కూడా అంతే. హిందీలో ప్రవాసీ శ్రమిక్ బీహార్ నుంచి ముంబై వెళ్లిన కూలీ. తెలుగులో ప్రవాసాంధ్రుడంటే అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చిన, కాస్త గౌరవం మోసుకొచ్చే మనిషి. మన 'వలస'కైతే ఇంకా బరువు ఎక్కువ: కూలీల వలస, పక్షుల వలస, పార్టీ మారే నాయకుల వలస, ఆంగ్లేయుల వలస పాలన, అన్నీ ఒకే మాట. కాబట్టి విశ్లేషణ ఎప్పుడూ మూలభాషలో చేయాలి. తెలుగు అనువాదం పాఠకుడి సౌకర్యం కోసం మాత్రమే.

అనువాదం ఎంత తేలికగా ఫ్రేమ్‌ను మార్చేస్తుందో మా విద్యార్థిని నోటుపుస్తకంలోనే కనిపించింది. ఇంగ్లీషులో కేవలం 'నడిచారు' అని ఉన్నచోట ఆమె ఒకసారి "రోడ్డున పడ్డారు" అని, మరోసారి "రోడ్డెక్కారు" అని రాసింది. మొదటి మాటలో వాళ్లు దిక్కులేనివాళ్లు, రెండో మాటలో తిరగబడినవాళ్లు. మూలంలో రెండూ లేవు.

ఖండికను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

నా దృష్టిలో ఈ పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఖండిక అంటే బాగున్న వాక్యం కాదు, ఒక వాదన పూర్తిగా ఉన్న ముక్క. ఒక కారణం చెప్పడం మొదలైన చోటు నుంచి, ఆ కారణం నుంచి వక్త ఏం తేల్చాడో అక్కడిదాకా తీసుకోవాలి. మాకు సాధారణంగా వంద నుంచి రెండువందల యాభై మాటల మధ్య వచ్చింది. అది జవాబైతే, దానికి ముందున్న ప్రశ్నను కూడా జతచేయాలి.

ప్రసంగాలు చదవడానికి ముందే ఎంపిక నియమాన్ని కాగితం మీద రాసి తేదీ వేయండి. మా నియమం ఇది: కార్మికులు ఊళ్లకు వెళ్లడానికి ఏదో ఒక కారణం చెప్పిన ప్రతి ముక్కా మొదటి జాబితాలోకి వస్తుంది, నచ్చినా నచ్చకపోయినా. ఆ జాబితాను అధికారపక్షం, ప్రధాన ప్రతిపక్షం, ప్రాంతీయ పార్టీలుగా విడదీశాం. దాంతో పాటు వక్త నియోజకవర్గం కూలీలు పని కోసం విడిచి వెళ్లే రాష్ట్రంలో ఉందా, పనికి వచ్చే రాష్ట్రంలో ఉందా అన్నదీ చూశాం. పార్టీ కంటే ఈ రెండోదే ఎక్కువ తేడా తెస్తుందేమోనని నాకు అనుమానం, కాబట్టి దాన్ని ముందే పట్టికలో పెట్టడం మంచిది. ప్రతి గడి నుంచీ ఒకటో రెండో తీసుకుని, మొత్తం పదికి మించకుండా లోతైన విశ్లేషణకు ఉంచాం. వదిలేసిన ప్రతిదాని పక్కనా ఎందుకు వదిలేశామో ఒక్క మాటలో రాశాం. "పైదానిలాగే ఉంది" అన్నది సరైన కారణం. "బలంగా లేదు" అన్నది కాదు.

ఒక ఖండికను చివరిదాకా చదవడం

2020 సెప్టెంబర్ 15న లోక్‌సభలో ఎంపీ మాలా రాయ్ అడిగిన ప్రశ్నకు హోంశాఖ సహాయమంత్రి నిత్యానంద్ రాయ్ ఇచ్చిన లిఖిత సమాధానం తీసుకుందాం. సమాధానం ఇంగ్లీషులో ఉంది, దాని సారాన్ని మూల వాక్య నిర్మాణానికి వీలైనంత దగ్గరగా తెలుగులో చెబుతున్నాను. లాక్‌డౌన్ ఎంతకాలమన్న దానిపై నకిలీ వార్తలు సృష్టించిన భయాందోళన పెద్దసంఖ్యలో వలస కార్మికుల తరలిపోవడానికి ప్రేరకమైంది, మరియు ప్రజలు, ముఖ్యంగా వలస కూలీలు, ఆహారం, తాగునీరు, వైద్యం, తలదాచుకునే చోటు వంటి అవసరాలు సరిపడా దొరుకుతాయా అని ఆందోళన చెందారు. అయితే కేంద్ర ప్రభుత్వానికి ఈ విషయం పూర్తిగా ఎరుకే, అనివార్యమైన లాక్‌డౌన్ కాలంలో ఏ పౌరుడికీ కనీస వసతులు కరవు కాకుండా అవసరమైన చర్యలన్నీ తీసుకుంది.

మొదట క్రియలకు గీత గీయండి. ప్రతి క్రియ పక్కనా దాన్ని చేసింది ఎవరో రాయండి. మొదటి వాక్యంలో 'కార్మికులు వెళ్లారు' అన్న క్రియే లేదని అప్పుడు కనిపిస్తుంది. వెళ్లడం అనేది నామవాచకమైపోయింది, దాన్ని మరొకటి ప్రేరేపించింది. ఇప్పుడు కారణాల గొలుసును వెనక్కి గీయండి: తరలిపోవడం, దాని వెనుక భయాందోళన, దాని వెనుక నకిలీ వార్తలు, దాని వెనుక? గొలుసు అక్కడ ఆగింది. నకిలీ వార్తలు ఎవరు పుట్టించారో వాక్యంలో లేదు. గొలుసు ఎక్కడ ఆగుతుందో, ఆ వచనం బాధ్యతను అక్కడ దింపుతుంది. ఈ సమాధానం బాధ్యతను మనుషులెవరి మీదా కాకుండా వార్తల మీద దింపింది.

రెండో వాక్యంలో కర్త స్పష్టంగా ఉన్నాడు. ప్రభుత్వానికి ఎరుకే, ప్రభుత్వం చర్యలు తీసుకుంది. నష్టం చెప్పేచోట కర్త మాయం, మేలు చెప్పేచోట కర్త ప్రత్యక్షం. 'అనివార్యమైన' అన్న విశేషణాన్ని కూడా చూడండి. లాక్‌డౌన్ తప్పనిసరా కాదా అన్నది వాదించాల్సిన విషయం. విశేషణంగా పెట్టడం వల్ల అది వాదన లేకుండానే ఒప్పుకున్న సంగతైపోయింది. అలాగే 'వలస కూలీలు' అన్న మాట చర్యల దగ్గరికి వచ్చేసరికి 'ఏ పౌరుడికీ' అయింది. భయపడింది కూలీలు, సాయం అందింది పౌరులకు. ఇది గౌరవం పెంచడం కావచ్చు, ఆ కూలీలకు ప్రత్యేకంగా ఏం చేశారన్న ప్రశ్నను పలచన చేయడం కావచ్చు. ఒక్క ఖండికతో రెండింటిలో ఏదో తేల్చలేం. రెండూ రాసి పెట్టుకోవాలి.

ఇక ఖండిక హద్దు ఎందుకు ముఖ్యమో చూడండి. మొదటి వాక్యాన్ని సగంలో, నకిలీ వార్తల దగ్గరే తుంచేస్తే, "ప్రభుత్వం అంతా పుకార్ల మీదకు నెట్టింది" అన్న ఫలితం సిద్ధంగా వచ్చేస్తుంది. మా విద్యార్థిని మొదట తుంచిందీ అక్కడే. మిగతా సగం చదివితే తిండి, నీరు, నీడ గురించిన ఆందోళన అదే వాక్యంలో ఉంది. అది పుకారు కాదు, అసలైన అవసరం. ఆ సమాధానంలో రెండు కారణాలు ఉన్నాయి, వాటిని కేవలం ఒక 'మరియు' కలిపింది. ఒకటి రెండోదానికి ఫలితమా, లేక విడిగా నిలబడే కారణమా అన్నది వచనం చెప్పదు. ఈ అస్పష్టతే ఈ ఖండికలో విలువైన సంగతి. తుంచినవాడికి అది దొరకదు.

వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి

సభలో పలికిన వాక్యాలు చాలాసార్లు సభలో పుట్టవు. ఈ వాక్యానికి పూర్వరూపం 2020 మార్చి 31 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులో ఉంది. 'నకిలీ వార్తలు సృష్టించిన భయాందోళన ప్రేరకమైంది' అన్న ఇంగ్లీషు పదబంధం దాదాపు అదే. కోర్టు ఉత్తర్వులో మాత్రం ఆ నకిలీ వార్త ఏమిటో ఉంది: లాక్‌డౌన్ మూడు నెలలకు పైగా సాగుతుందన్నది. సెప్టెంబర్ నాటి సమాధానంలో 'మూడు నెలలు' పోయి 'ఎంతకాలమన్న దానిపై' అన్న సాధారణ మాట మిగిలింది. మధ్యలో దేశవ్యాప్త లాక్‌డౌన్ మార్చి 25 నుంచి మే 31 దాకా, 68 రోజులు నడిచింది.

ఇక్కడ చెయ్యి అదుపులో ఉండాలి. మాట మారిందని మనం చూపించగలం. ఎందుకు మార్చారో పాఠంలో ఆధారం లేదు, కాబట్టి "కావాలనే తీసేశారు" అని రాయకూడదు. ఇలా వచనాన్ని చదివే డిస్కోర్స్ విశ్లేషణ, ఆ వచనం ఏం చేస్తోందో చెబుతుంది, రాసినవాళ్ల మనసులో ఏముందో చెప్పదు. నకిలీ వార్తలు నిజంగా వ్యాపించాయా అన్నది కూడా వేరే రకం పరిశోధన.

అంకెల విషయంలోనూ ఇదే పద్ధతి. సెప్టెంబర్ 14న కార్మికశాఖ ఇచ్చిన లిఖిత సమాధానంలో 1.04 కోట్లకు పైగా కార్మికులు సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారన్న లెక్క ఉంది. అదే శాఖ, దారిలో చనిపోయినవారి వివరాలు తమ దగ్గర లేవని, అందువల్ల పరిహారం అన్న ప్రశ్నే ఉత్పన్నం కాదని చెప్పింది. అదే వారంలో శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో సెప్టెంబర్ 9 దాకా 97 మంది మరణించినట్టు రైల్వేశాఖ రాజ్యసభకు తెలిపింది. ఒక్క కార్మికశాఖ సమాధానాన్నే తీసుకుంటే ఒక ఫలితం, రెండు శాఖల సమాధానాలనూ పక్కపక్కన పెడితే మరో ఫలితం వస్తుంది. లెక్క లేకపోవడం కూడా ఫ్రేమ్‌లో భాగమే: లెక్కలేని మరణం పరిష్కారం అడగలేదు.

పోలికకు రెండో ఖండిక

ఒక ఫ్రేమ్ స్వభావం పక్కన మరొకటి పెట్టినప్పుడే తెలుస్తుంది. 2022 ఫిబ్రవరి 7న లోక్‌సభలో రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాద తీర్మానంపై ప్రధాని నరేంద్ర మోదీ ఇచ్చిన సమాధానంలో ఇదే సంఘటన మళ్లీ వస్తుంది. ఈసారి ఇది హిందీలో చేసిన ప్రసంగం. ముంబైలో కాంగ్రెస్ వాళ్లు కార్మికులకు టికెట్లు ఇచ్చి ఊళ్లకు వెళ్లమని ప్రోత్సహించారని, అది పెద్ద పాపమని, శ్రామిక సోదర సోదరీమణులను అనేక కష్టాల్లోకి నెట్టారని ఆయన అన్నారు. కాంగ్రెస్ ఆ ఆరోపణను ఖండించింది.

అవే గీతలు ఇక్కడా గీయండి. కారణాల గొలుసు ఇప్పుడు ఒక పార్టీ దగ్గర ఆగింది. కర్తలేని నకిలీ వార్తల స్థానంలో 'మీరు' అన్న కర్త వచ్చాడు. లిఖిత సమాధానంలో లేని నైతిక తీర్పు 'పాపం' అన్న మాటతో వచ్చింది. తెలుగులో రాసేటప్పుడు ఆ మాటతో జాగ్రత్త, మనకు "అయ్యో పాపం" అన్న జాలి కూడా అందులో వినిపిస్తుంది, హిందీ వాక్యంలో ఉన్నది దోషం మాత్రమే. కూలీలు 'సోదర సోదరీమణులు' అయ్యారు, పిలుపులో దగ్గరతనం పెరిగింది. క్రియల పక్కన చూస్తే మాత్రం వాళ్లు ఇక్కడా కర్మలే. ఎవరో టికెట్లు ఇచ్చారు, ఎవరో నెట్టారు.

ఈ తేడాలో కొంత భాగం రకం వల్ల వచ్చింది. లిఖిత సమాధానంలో 'మీరు' అనడానికి వీలే లేదు. కాబట్టి "పదిహేడు నెలల్లో ఫ్రేమ్ మారింది" అని రాసేముందు, 2020లోనే అధికారపక్ష సభ్యులు చర్చలో చేసిన ప్రసంగాలను చూసి, అక్కడ కర్త ఎవరో సరిచూడాలి.

మీ పఠనాన్ని మీరే పరీక్షించండి

మూడు పరీక్షలు మాకు పనికొచ్చాయి. వక్త పేరు, పార్టీ, తేదీ దాచి ఖండికను తోటి విద్యార్థికి ఇవ్వండి. కారణాల గొలుసును వాళ్లు వేరుగా గీస్తే, మీరు వచనాన్ని కాక పార్టీని చదివారేమో చూసుకోవాలి. రెండోది మార్చి రాయడం. అభ్యాసం కోసం నేను కట్టిన వాక్యం ఇది: "నాలుగు గంటల వ్యవధిలో అన్నీ మూసేయడంతో, అద్దె కట్టలేమని లెక్కవేసుకుని కార్మికులు ఊరికి నడిచారు." ఇందులో వాళ్లు లెక్కవేశారు, నడిచారు. అసలు ఖండికలో ఏ క్రియలు లేవో దీని పక్కన పెడితే తెలుస్తుంది. మూడోది అన్నిటికన్నా కష్టం: మీ ఫలితానికి ఎదురు నిలిచే ఖండిక కోసం మొదటి జాబితా అంతా మళ్లీ వెతకడం. మా ఫలితం 'కార్మికులు నిర్ణయం తీసుకునేవాళ్లుగా కనిపించరు' అన్నదైతే, వాళ్లు నిర్ణయం తీసుకున్నట్టు చెప్పిన ఒక్క ప్రసంగమైనా ఉందా అని చూడాలి. దాన్ని ప్రతిపక్షాల ప్రసంగాల్లోనూ అంతే గట్టిగా వెతకాలి. జాలిగా మాట్లాడే ప్రసంగంలో కూడా కూలీలు పూర్తిగా కర్మలుగా మిగిలిపోవచ్చు.

ఆ మూడో పరీక్ష దగ్గర మా విద్యార్థిని రెండు వారాలు ఆగింది. ఒకరోజు వచ్చి, "మా అన్న బెంగళూరు నుంచి బయల్దేరింది పుకారు విని కాదు సార్, మేస్త్రీ ఫోను ఎత్తడం మానేశాక" అంది. అది ఆమె విశ్లేషణలోకి రాకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం, ఎందుకంటే అది పార్లమెంటు వచనం కాదు. కానీ ఆ మాట విన్నాక, జాబితాలో మేస్త్రీ గురించి, గుత్తేదారు గురించి ఎక్కడైనా ఉందా అని వెతకాలన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. పట్టికలో 'యజమాని ప్రస్తావన' అని కొత్త గడి గీసి, వదిలేసిన ఖండికలతో సహా అన్నింటినీ మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.